స్కిన్నీ ఫ్యాట్ వాళ్ళకి బల్కా, కట్టా, మధ్యదారా? కేలరీలు, ప్రోటీన్ ఎంత పెట్టుకోవాలి

మా పిన్ని కొడుకు మధురవాడలో ఉంటాడు, రుషికొండ వైపు సాఫ్ట్‌వేర్ ఆఫీసులో ఉద్యోగం, 26 ఏళ్ళు. చొక్కా వేసుకుంటే సన్నగానే కనిపిస్తాడు, చేతులు పుల్లల్లా ఉంటాయి, ఆర్కే బీచ్‌లో చొక్కా విప్పితే మాత్రం పొట్ట ముందుకొచ్చి ఛాతీ మెత్తగా వేలాడుతూ ఉంటుంది. స్కిన్నీ ఫ్యాట్ అంటే ఇదే. పోయిన ఏడాది జిమ్‌లో చేరే ముందు నాకు ఫోన్ చేసి "అన్నియ్యా, నేను ముందు లావెక్కాలా, సన్నబడాలా, ఒకడు బల్క్ అంటాడు ఒకడు కట్ అంటాడు, ఏటి చెయ్యాలి" అన్నాడు. ఈ ప్రశ్న నాకు కొత్త కాదు, ఎందుకంటే వాడి వయసులో నేనూ అచ్చం ఇలాగే ఉండేవాణ్ణి, పైగా రెండు తప్పుదార్లూ వరసగా తొక్కేశాను.

ముందు నా కథ చెప్పేస్తా, పోలిక అక్కడే తెలిసిపోద్ది. నేను చేరిన జిమ్‌లో ట్రైనర్ నన్ను చూసి సన్నగా ఉన్నావు బ్రో, బాగా తిను అన్నాడు, నేను అయిదు నెలలు అరటిపళ్ళు, పీనట్ బటర్, రాత్రి రెండో కంచం అన్నం, ఇలా లాగించేశాను. 8 కేజీలు పెరిగాను, నడుము మూడు అంగుళాలు పెరిగింది. కండ పెరగలేదని కాదు, పెరిగింది, కానీ దాని మీద దుప్పటి కప్పినట్టు కొవ్వు పేరుకుంది. భయపడి ఉల్టా తిరిగి రోజుకి 1200 కేలరీల డైట్ పెట్టుకున్నాను, ఓట్స్, కీరదోస, రెండు చపాతీలు. రెండు నెలల్లో 6 కేజీలు పోయాయి, అందరూ తగ్గావే అన్నారు, అద్దంలో చూస్తే మాత్రం మళ్ళీ మొదటి మనిషే, ఇంకా పుల్లలాంటి చేతులతో, పొట్ట మాత్రం అక్కడే. ఏడు నెలలు గోదాట్లో కలిపినట్టు.

ఎందుకిలా అవుద్దంటే లెక్క సింపుల్. ఒక కేజీ కొవ్వులో సుమారు 7700 కేలరీలు ఉంటాయి. రోజుకి 500 ఎక్కువ తింటే నెలకి 15,000 కేలరీలు మిగిలిపోతాయి, కొత్తగా జిమ్‌కి వెళ్ళేవాడు ఎంత బాగా చేసినా నెలకి కట్టగలిగే కండ కేజీ లోపే, కండ కట్టడానికి అంత కేలరీలు అక్కర్లేదు, మిగతాదంతా ఎక్కడికి పోద్ది, పొట్టకే. అటు కట్ చూస్తే, రోజుకి 500 కేలరీలో ఇంకా ఎక్కువో తగ్గించేస్తే బరువులెత్తుతున్నా కండ పెరగడం దాదాపు ఆగిపోద్దని చాలా పరిశోధనలు కలిపి చూసినోళ్ళు తేల్చారు. బలం కొంచెం పెరుగుద్ది గానీ కండ పెరగదు. మన సమస్యలో సగం కండ లేకపోవడమే కదా, అందుకే సన్నబడినా ఆకారం మారదు.

ఇక మూడో దారి. కొంచెమే తగ్గించి తింటూ, ప్రోటీన్ సరిపడా పెట్టి, వారానికి మూడు రోజులు బరువులెత్తడం. కొత్తవాళ్ళలో, అందులోనూ ఒంటి మీద కొవ్వు నిల్వ ఉన్నవాళ్ళలో, కొవ్వు తగ్గుతూనే కండ పెరుగుద్ది, ఎందుకంటే కావాల్సిన శక్తిలో లోటు పొట్ట మీద కొవ్వు పూడుస్తుంది, కట్టడానికి ఇటుకలు ప్రోటీన్ ఇస్తుంది, కట్టమని ఆర్డరు బరువులు ఇస్తాయి. ఈ మూడింట్లో ఏ ఒక్కటి లేకపోయినా పనవ్వదు. బరువులెత్తకుండా ఉత్త వాకింగ్ చేస్తాను అనేవాళ్ళకి ఈ లెక్కలేవీ వర్తించవు, పొద్దున్నే బీచ్ రోడ్డు మీద ఎంత నడిచినా చేతికి కండ రాదు.

అయితే స్కిన్నీ ఫ్యాట్ అన్న ప్రతివాడికీ ఒకటే అంకె కాదు. ఎంచుకోవడానికి నేను వాడేది దర్జీ టేపు ఒక్కటే. పొద్దున్న బాత్రూమ్‌కి వెళ్ళొచ్చాక, ఏమీ తినకముందు, బొడ్డు దగ్గర టేపు చుట్టి, ఊపిరి మామూలుగా వదిలి కొలవండి, పొట్ట లోపలికి లాగి మిమ్మల్ని మీరు మోసం చేసుకోకండి. ప్యాంటు సైజు చెప్పొద్దు, అది పొట్ట కింద కూర్చుంటుంది. మావాడు 34 ప్యాంటు వేస్తాడు, టేపు పెడితే 36 అంగుళాలు, అంటే 91 సెంటీమీటర్లు.

ఆ కొలతని ఎత్తులో సగంతో పోల్చండి. నడుము సగం ఎత్తు కన్నా ఎక్కువుంటే ఒళ్ళు రోజుకి ఖర్చు పెట్టే కేలరీల్లో 10 నుంచి 15 శాతం తగ్గించి తినాలి. సగం దగ్గరో కొంచెం కిందో ఉండి పొట్ట మాత్రం మెత్తగా ఉంటే తగ్గించొద్దు, ఖర్చయినంత తినండి, అంటే మెయింటెనెన్స్, ప్రోటీన్ మాత్రం మార్చండి. నడుము సగం కన్నా బాగా తక్కువ, బరువు కూడా ఎత్తుకి తక్కువ అయితే మీరు అసలు స్కిన్నీ ఫ్యాట్ కాదు, ఉత్త స్కిన్నీ, కూర్చున్నప్పుడు పొట్ట మడత పడడం చూసి భయపడుతున్నారంతే, 150, 200 కేలరీలు ఎక్కువ తిన్నా పర్లేదు. మావాడి ఎత్తు 170, సగం 85, నడుము 91. కాబట్టి చిన్న లోటు దారి.

బరువు చూసి ఎందుకు నిర్ణయించకూడదంటే, 2004లో లాన్సెట్ పత్రికలో ఇద్దరు డాక్టర్లు తమ ఫోటో తామే వేసుకున్నారు, పూణేకి చెందిన యాజ్ఞిక్, లండన్‌కి చెందిన యుడ్కిన్. ఇద్దరి బీఎంఐ ఒకటే, 22.3. ఒంట్లో కొవ్వు మాత్రం యుడ్కిన్‌కి 9.1 శాతం, మన యాజ్ఞిక్‌కి 21.2 శాతం. ఒకే బరువు దగ్గర మనోళ్ళ ఒంట్లో కొవ్వు ఎక్కువ, కండ తక్కువ ఉండడం మామూలే, అందుకే వేయింగ్ మెషిన్ మనకి సగం అబద్ధం చెప్తుంది.

ఇప్పుడు అంకెలు. మావాడి బరువు 68. మగాళ్ళకి వాడే మామూలు ఫార్ములా ఇది, బరువు కేజీల్లో, ఎత్తు సెంటీమీటర్లలో, చివర వయసు:

```
10×68 + 6.25×170 − 5×26 + 5 = 1617.5
```

ఆడవాళ్ళకైతే చివర 5 కలపకుండా 161 తీసేయాలి. ఇది ఊరికే పడుకున్నా ఒళ్ళు ఖర్చు పెట్టేది. మావాడు రోజంతా కుర్చీలో, వారానికి మూడు రోజులు జిమ్, కాబట్టి 1.4తో గుణిస్తే రోజు మొత్తం ఖర్చు సుమారు 2250. చాలామంది ఇక్కడే జిమ్‌కెళ్తున్నాం కదా అని 1.6, 1.7 పెట్టేసుకుంటారు, వారానికి మూడు గంటల జిమ్ మిగతా 165 గంటల కూర్చోవడాన్ని కడిగెయ్యదు. ఫార్ములా 10 శాతం అటూఇటూ తప్పొచ్చు కూడా, అందుకే ఇది మొదలెట్టడానికే, నాలుగు వారాలయ్యాక టేపు సరిచేస్తుంది. 2250లోంచి 300 తీస్తే 1950. మావాడి టార్గెట్ అది.

ప్రోటీన్‌కి కూడా మూడు మాటలు వినిపిస్తాయి. ఐసీఎంఆర్ చెప్పేది కేజీకి 0.83 గ్రాములు, అంటే మావాడికి 56. అది ఆరోగ్యంగా ఉన్న మామూలు మనిషికి లోటు రాకుండా చూసే అంకె, కండ కట్టడానికి చెప్పింది కాదు. జిమ్ కుర్రాళ్ళు చెప్పేది 2.2 ఇంకా పైన, అంటే 150 గ్రాములు, మన వంటింట్లో అంత తేవాలంటే తిండి మీద విరక్తి పుట్టుద్ది, పది రోజుల్లో మానేస్తారు. మధ్యలో 1.6, అంటే 110 గ్రాములు. బరువులెత్తేవాళ్ళ మీద చేసిన పరిశోధనలన్నీ కలిపి 2018లో చూస్తే సగటున 1.6 దాటాక పెద్దగా అదనపు లాభం కనిపించలేదు. కేలరీలు ఇంకా బాగా తగ్గించినప్పుడు ఎక్కువ ప్రోటీన్ పనికొస్తుంది, 300 లోటుకి 1.6 చాలు. నన్నడిగితే 2.2 పెట్టుకుని పదిరోజులు చేసేకంటే 1.6 పెట్టుకుని ఆర్నెల్లు చేసేవాడే నయం.

మావాడు నేను తినేదేటుంది అన్నియ్యా, పక్షిలా తింటాను అన్నాడు. సరే నాలుగు రోజులు తిన్నదంతా రాసి పంపమన్నా. పొద్దున్న నాలుగు ఇడ్లీ, కొబ్బరి చట్నీ బాగానే. మధ్యాహ్నం క్యారేజీలో అన్నం, పప్పు, వేపుడు, పెరుగు. మూడు టీలు. సాయంత్రం ఆఫీసు బయట పునుగులో బజ్జీలో. రాత్రి మళ్ళీ అన్నం, పొద్దుటి పప్పు, కూర, పెరుగు. కేలరీలు కడితే 2400 దగ్గర తేలింది, ప్రోటీన్ 60. పక్షిలా తినే మనిషి ఖర్చు కన్నా 150 ఎక్కువే తింటున్నాడు, ఆ టీలు, పునుగులు కలిపే 600 దాకా పట్టుకుపోతున్నాయి, అవి ఎవడికీ తిండిలా కనిపించవు.

మార్చింది ఇలా. పొద్దున్న ఇడ్లీలు రెండు, చట్నీ సగం, పక్కన మూడు ఉడికించిన గుడ్లు పచ్చసొనతో సహా. ఇక్కడే 25 గ్రాముల ప్రోటీన్ వచ్చేసింది, 400 కేలరీలు. మధ్యాహ్నం ఉడికిన అన్నం 250 గ్రాములు, పప్పు ఎప్పట్లాగే, వేపుడు బదులు మీల్ మేకర్ కూర, పొడిగా తూకం వేస్తే 30 గ్రాములు. మీల్ మేకర్‌లో సగం బరువు ప్రోటీనే, 30 గ్రాముల్లో 15 వస్తుంది, అంత చవగ్గా ఇంకేదీ రాదు. వేడి ఉప్పునీళ్ళలో నానబెట్టి గట్టిగా పిండి, రెండుసార్లు కడిగి వండితే ఆ వాసన పోద్ది, పిండకపోతే ఎవరూ తినలేరు, పిన్ని మొదటిసారి పిండకుండా వండేసి నన్ను తిట్టింది. పెరుగుతో కలిపి మధ్యాహ్నానికి 35 గ్రాములు, 760 కేలరీలు. సాయంత్రం పంచదార తగ్గించి రెండు టీలు, పునుగుల బదులు శనగల గుగ్గిళ్ళు ఒక గుప్పెడు. అన్నీ కలిపి 10 గ్రాములు, 230 కేలరీలు. రాత్రి అన్నం 180 గ్రాములు, ఎముకల్లేని చికెన్ 150 గ్రాములు పచ్చి తూకం, రెండు చెంచాల నూనె, ఏదో ఒక కూరగాయ. 39 గ్రాములు, 535 కేలరీలు.

మొత్తం 1925 కేలరీలు, ప్రోటీన్ 109. పౌడర్ డబ్బా లేదు, ఓట్స్ లేవు, అన్నం మానలేదు.

చికెన్ ముక్కల దగ్గర ఒక మాట. ఇంట్లో వండేది ఎముకలతో కొట్టించిన చికెన్, దాంట్లో మూడో వంతు దాకా ఎముకే పోద్ది, కాబట్టి 150 కావాలంటే 220 వేసుకోవాలి. మాకు ఫిషింగ్ హార్బర్ ఉండగా రోజూ చికెన్ ఎందుకని వారానికి మూడు రోజులు చేప పెట్టించా, కానాగంతలో కవ్వళ్ళో, వంజరం అయితే పండగే. చేప కూడా 100 గ్రాములకి 20 దగ్గర ఇస్తుంది, కాకపోతే తల, తోక, పొట్ట తీసేశాక మిగిలిన తూకమే లెక్క. పులుసు పెట్టుకోండి, వేపుడైతే నూనె లెక్క చూసుకోండి.

శాకాహారులకీ, కార్తీకమాసం శనివారం అని మానేసేవాళ్ళకీ ఇదే అంకె కొంచెం కష్టం కానీ అవుద్ది. రాత్రి చికెన్ బదులు వే ప్రోటీన్ ఒక స్కూపు 24 గ్రాములు ఇస్తుంది 120 కేలరీలకే, అందుకే శాకాహారులకి పౌడర్ నేను కాదనను. పనీర్ కావాలంటే 100 గ్రాములకి 18 వస్తుంది గానీ దాంతోపాటు 290 కేలరీలు వస్తాయి, అన్నం తగ్గించుకోవాలి. పల్లీలు ప్రోటీన్ కదా అని గుప్పెళ్ళు గుప్పెళ్ళు నమిలేవాళ్ళని చూశా, 100 గ్రాములకి 25 గ్రాముల ప్రోటీన్ నిజమే, 570 కేలరీలు కూడా నిజమే, అవి నూనెగింజలు బాబూ.

తప్పులు ఎక్కడ జరుగుతాయో చెప్తా, నాకు తెలిసి రెండే చోట్ల. ఒకటి అన్నం. పచ్చి బియ్యం 100 గ్రాములు 350 కేలరీలు, అదే ఉడికాక మూడింతలు అవుద్ది, 100 గ్రాముల అన్నం 130 కేలరీలే. యాప్‌లో ఏది నొక్కారో చూసుకోకపోతే లెక్క మూడింతలు తప్పుద్ది. మావాడు మొదటి వారం 250 గ్రాముల అన్నాన్ని బియ్యంగా ఎక్కించేసి, అయ్యో 870 అయిపోయింది అని రాత్రి తినడం మానేశాడు, రెండోరోజు జిమ్‌లో కళ్ళు తిరిగాయి. రెండోది నూనె. చెంచా అంటే 5 మిల్లీలీటర్ల చెంచా, 45 కేలరీలు. అమ్మలు పోసేది గరిటెతో, ఆ గరిటెలో ఆరేడు చెంచాలు పడుద్ది. మూకుడులో ఎంత పోశారో చూడకుండా కూర ఎన్ని కేలరీలో ఎవడూ చెప్పలేడు. వంటింటి తూకం మెషిన్ ఒకటి కొనుక్కుని రెండు వారాలు తూచండి చాలు, తర్వాత కంటికే తెలిసిపోద్ది.

ఇక పని చేస్తుందో లేదో ఎలా తెలుస్తుంది. బరువు రోజూ పొద్దున్న చూసి వారం సగటు మాత్రమే పట్టించుకోండి, టేపు వారానికి మూడుసార్లు, జిమ్‌లో ఎంత ఎత్తారో పుస్తకంలో. జిమ్‌లో కాళ్ళు పెట్టి నిలబడితే కొవ్వు శాతం చెప్పే మెషిన్‌ని నమ్మొద్దు, అది ఒంట్లో నీళ్ళని బట్టి అంచనా కడుతుంది, మే నెలలో వైజాగ్ ఉక్కపోతలో చెమట కక్కి ఎక్కితే ఒక అంకె, కొబ్బరి బోండాం తాగి ఎక్కితే ఇంకో అంకె.

మొదటి రెండు మూడు వారాలు బరువు కదలకపోవచ్చు, కొంచెం పెరగొచ్చు కూడా, కొత్తగా బరువులెత్తితే కండలు నీళ్ళు పట్టుకుంటాయి, క్రియాటిన్ అనే జిమ్ సప్లిమెంట్ వాడితే ఇంకో కేజీ. అక్కడ కంగారుపడి కేలరీలు కోసేవాళ్ళే ఎక్కువ. నాలుగు వారాలు ఆగి అప్పుడు చూడండి. బరువు కదల్లేదు, టేపు తగ్గింది, ఎత్తేది పెరిగింది అంటే సరిగ్గా మనకి కావాల్సిందే జరుగుతోంది, ఏదీ ముట్టుకోవద్దు. బరువూ టేపూ రెండూ కదల్లేదంటే ఎక్కడో కారుతోంది, ముందు ఆదివారం బిర్యానీ, ఆఫీసు టీలు వెతకండి, అక్కడేం లేకపోతే ఇంకో 150 తగ్గించండి. బరువు వారానికి 700 గ్రాములు పైన పడిపోతూ జిమ్‌లో బరువులు పెరగట్లేదంటే ఎక్కువ కోసేశారు, రాత్రికి ఇంకో 150 గ్రాముల అన్నం కలపండి. ప్రోటీన్ మాత్రం వీటిల్లో దేనికీ మార్చొద్దు, కదిపేది అన్నం, నూనె, చిరుతిళ్ళే.

కిడ్నీ జబ్బు ఉన్నవాళ్ళు, షుగర్ మందులు వాడేవాళ్ళు ఇవన్నీ పక్కనపెట్టి ముందు డాక్టర్‌ని కలవండి, ప్రోటీన్ అంకె వాళ్ళకి వేరు.

మావాడిది 16 వారాలకి బరువు 68 నుంచి 65.3కి వచ్చింది, మూడు కేజీలు కూడా తగ్గలేదు, పిన్ని అయితే ఏం తగ్గాడని పెదవి విరిచింది. టేపు మాత్రం 91 నుంచి 84.5, స్క్వాట్ ఖాళీ 20 కేజీల రాడ్డు నుంచి 60కి, బెంచ్ 20 నుంచి 42.5కి. రోజుకి 300 లోటు చొప్పున 16 వారాలకి 4 కేజీల పైన కొవ్వు పోయి ఉండాలి, తూకంలో పోయింది 2.7, మిగతా తేడా ఒంట్లో వేరే రూపంలో చేరిందన్నమాట, అందులో కొంత నీళ్ళు కూడా అనుకోండి.

నడుము సగం ఎత్తు కిందకి వచ్చింది కాబట్టి ఆ రోజు నుంచి లోటు ఆపేసి 2200కి పెంచాం, మధ్యాహ్నం అన్నం పాత 350 గ్రాములకి వచ్చింది, సాయంత్రం ఒక గ్లాసు పాలు చేరాయి, ప్రోటీన్ అదే 110. స్క్వాట్ వరసగా ఆరేడు వారాలు అక్కడే ఆగిపోతే అప్పుడు ఇంకో 150 కలుపుదామనుకున్నాం, ఇంకా ఆ అవసరం రాలేదు, పోయిన వారమే 67.5 ఎత్తాడు.